అప్‌డేట్: ఫోటోల్లో మాయమైన పసుపు గుర్తులు, వదిలేసిన వాక్యాల సంగతి

నా ప్రశ్న: "గుణుపురం హాస్టల్లో ఉన్న తమ్ముడు బయాలజీ పుస్తకం పేజీలు ఫోటో తీసి పంపుతున్నాడు. వాడు గీత గీసినవి, రంగు పూసినవి మాత్రమే చిన్న నోట్స్‌గా రాసివ్వాలి. సగం గుర్తులు కనబడటం లేదు, ఏం చేయను?"

సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్, సమస్య తీరింది. ఫోన్ కెమెరా మంచిది కాదేమో అనుకున్నాను గానీ దానికి సంబంధమే లేదు. వాడు స్కాన్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ పెట్టి తీస్తున్నాడు. పసుపు రంగు దాదాపు కాగితమంత లేతగా ఉంటుంది కాబట్టి యాప్ దాన్ని తెల్లగా మార్చేసింది. సన్నటి పెన్సిల్ గీతలూ అలాగే పోయాయి. ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన, కలర్‌లో తీయమన్నాను. అన్నీ కనిపించాయి.

"వదిలేసినవి ఏమిటో కింద రాయండి" అన్న సలహా ఇంకా ఎక్కువ పనికొచ్చింది. గుండె పాఠంలో "ధమనులు ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని తీసుకెళతాయి" అన్న వాక్యానికి పసుపు ఉంది. పుపుస ధమని మాత్రం అలా కాదని చెప్పే తర్వాతి వాక్యానికి ఏ గుర్తూ లేదు. మొదటిది ఒక్కటే చదివితే వాడు తప్పు నేర్చుకుంటాడు. అలాగని గుర్తు లేనిదాన్ని నోట్స్‌లో కలపలేదు. కింద ఇలా రాశాను:

"వదిలినవి: పుపుస ధమని మినహాయింపు (పై వాక్యం వెంటనే ఉంది, తప్పక చూడు), గుండె బొమ్మ, చివరి పట్టిక. రెండో ఫోటోలో ఆఖరి గీత అంచు దగ్గర తెగింది, ఆ వాక్యం రాయలేదు."

తమ్ముడు ఆ మినహాయింపుకి రంగు పూసి, రెండో పేజీ మళ్లీ తీసి పంపాడు.