గర్భసంచి తీసేశాక కూడా నెలనెలా మరకలు, నొప్పి. ఎందుకు?

మాధవి: పొద్దుటి నుంచి వెతుకుతున్నాను, పనికొచ్చే జవాబు ఒక్కటీ దొరకలేదు. ఫైబ్రాయిడ్ల కోసం గర్భసంచి తీసేసి రెండేళ్లయింది. అయినా నెలకోసారి పొత్తికడుపులో నొప్పి, రెండు రోజులు గోధుమరంగు మరక. స్కానింగులో ఏమీ లేదన్నారు. సంచే లేనప్పుడు ఈ రక్తం ఎక్కడిది?

వెంకట్: అండాశయాలు ఉంచారా? గర్భసంచి మూతి ఉంచారా? ముందు అది చెప్పండి.

మాధవి: అండాశయాలు ఉన్నాయి. మూతి సంగతి ఎవరూ చెప్పలేదు. అంతా తీసేశామన్నారు.

కమల: నాకూ అంతే. ట్యూబులు కట్టించుకున్నాక నెలసరి బాగా ఎక్కువైంది. ఆ ఆపరేషనే తేడా చేసింది.

శారద: అందుకే అండాశయాలు కూడా తీయించేయాలని నేను ఎప్పుడూ చెబుతాను. అవి ఉన్నంతకాలం ఈ బాధ తప్పదు.

డా. సుమతి: శారద గారూ, నెలనెలా రావడానికి అండాశయాలే కారణమన్నది నిజమే. కానీ వయసులో ఉండగా రెండూ తీసేస్తే ఒక్కసారిగా మెనోపాజ్ వస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. మరకకు అది మొదటి మందు కాదు.

మాధవి గారూ, కొన్ని ఆపరేషన్లలో గర్భసంచి పైభాగం తీసి మూతి వదిలేస్తారు. ఆ మూతి పైకొసన లోపొర కాస్త మిగిలినా అండాశయాల హార్మోన్లకు అది నెలనెలా స్పందించి కొద్దిగా రక్తం వదులుతుంది. ఆపరేషన్ నోట్సులో ఏం తీశారో ఉంటుంది. లేకపోతే డాక్టరు లోపలి పరీక్షలో మూతి ఉందో లేదో అక్కడికక్కడే చూడగలరు. మూతి లేకుండా, నెల లెక్క తప్పకుండా రక్తం కనిపిస్తుంటే, యోని పైకొసన కుట్లు వేసిన చోట ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపొర లాంటిది సంచి బయట పెరగడం, ఉందేమో చూడాలి. కలయిక తర్వాత మాత్రమే కనిపిస్తే కుట్ల దగ్గర పెరిగిన కండ కావచ్చు.

కమల గారూ, అంతకుముందు గర్భనిరోధక మాత్రలు వాడేవారా? అవి మానేస్తే అసలు నెలసరి బయటపడుతుంది. నింద ఆపరేషన్ మీద పడుతుంది.

కమల: వాడేదాన్ని. అయినా నా అనుభవం నాది.

మాధవి: కాగితాలు దొరికాయి. 'సబ్‌టోటల్' అని ఉంది.

వెంకట్: అంటే మూతి ఉంది. మూతి క్యాన్సర్ కోసం చేసే పాప్ పరీక్ష మానకండి.

డా. సుమతి: మరకకు కారణం చాలావరకు అదే. అయినా ఒకసారి పరీక్ష చేయించుకోండి. లెక్క తప్పి వచ్చినా, ఎక్కువైనా ఆగకుండా వెళ్లండి. నొప్పి వేరే విషయం. అండాశయం చుట్టుపక్కల అతుక్కుపోయినా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా రావచ్చు. స్కానింగు బాగుందంటే అది లేదని కాదు. నొప్పి ఉన్న రోజుల్లో మళ్లీ తీయించండి. అండం విడుదలను కొన్ని నెలలు ఆపే మందు ఇచ్చి, నొప్పి తగ్గుతుందో లేదో చూడటం కూడా ఒక పరీక్షే. బయాప్సీ రిపోర్టులో ఎండోమెట్రియోసిస్ ప్రస్తావన ఉందా?

శారద: చివరికి మళ్లీ అండాశయాల దగ్గరికే వచ్చారుగా!

మాధవి: ఆ రిపోర్టు ఇందులో లేదు, అడుగుతాను. థాంక్స్.

కమల: మాత్రలు మానేసి చాలా ఏళ్లయింది డాక్టర్ గారూ, ఇంకా ఎందుకు ఎక్కువ అవుతోంది?