ప్రత్యామ్నాయ భాగాన్ని బీఓఎంలో అదే వరుసలో రాయవచ్చునా?

పర్లాకిమిడి దీపాలు:
మా సంఘంలో ఆరుగురం కలిసి వంద ఛార్జింగ్ దీపాలు చేయబోతున్నాము. ఒక్కో దీపానికి TP4056 ఛార్జింగ్ బోర్డు 1, 2600 ఎంఏహెచ్ సెల్ 1, ఎల్‌ఈడీ పలక 1, స్విచ్ 1, స్క్రూలు 4, ఎరుపు, నలుపు వైర్లు 30 సెంటీమీటర్ల చొప్పున అని బీఓఎంలో, అంటే భాగాల పట్టికలో, రాసుకున్నాము. బోర్డులు విశాఖపట్నంలో దొరకకపోతే బరంపురంలో కొంటాము. రెండో దుకాణం పేరును అదే వరుసలో రాస్తే చాలునా, వేరే బీఓఎం పెట్టుకోవాలా?

జయపురం స్టోర్స్:
అదే వరుసలో మొదటి దుకాణం, రెండో దుకాణం, వాటి ధర, సరుకు చేరడానికి పట్టే రోజులు రాసుకుంటే చాలు. రెండు బీఓఎంలు పెట్టుకున్నవారు ఒకదానిలో చేసిన దిద్దుబాటును రెండోదానిలో చేయడం మరచిపోతారు. పదిహేనేళ్లుగా స్టోరు చూస్తున్న నాకు ఇది ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు. అన్ని భాగాలకూ 5 శాతం అదనంగా వేసుకోండి.

గుణుపురం వ్యాపారి:
విశాఖ వేరే రాష్ట్రంలో ఉంది కనుక అక్కడ కొంటే ఐజీఎస్టీ పడుతుంది, కాబట్టి బరంపురాన్నే మొదటి దుకాణంగా పెట్టుకోవడం మంచిది. నేను జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉండే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నందున కొనుగోలుపై కట్టిన పన్ను నాకు తిరిగి రాలేదు.

రాయగడ రిపేరు:
గుణుపురం గారూ, కాంపోజిషన్‌లో ఉన్నవారికి ఎక్కడ కొన్నా ఆ పన్ను తిరిగి రాదు. పైగా ఇక్కడి ప్రశ్న పన్ను గురించి కాదు.

స్క్రూలకు, వైర్లకు, స్విచ్‌లకు జయపురం గారి మాట సరైనదే. బోర్డుకు మాత్రం అది చెల్లదు, ఎందుకంటే TP4056 బోర్డు అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ఒకదానిలో ఛార్జింగ్ చిప్పు మాత్రమే ఉంటుంది, సెల్ కోసం B+, B− అనే రెండు కొసలే ఉంటాయి. రెండోదానిలో DW01 అనే చిన్న రక్షణ చిప్పు కూడా ఉంటుంది, దీపం వైపు OUT+, OUT− అనే కొసలు అదనంగా ఉంటాయి. సెల్ సుమారు 2.4 వోల్టులకు పడిపోగానే దీపాన్ని ఆపివేసేది ఆ రక్షణ చిప్పే.

నేను ఒకరికి అరవై దీపాలు బాగుచేయవలసి వచ్చింది. వారికి మొదటి విడతలో రక్షణ లేని బోర్డులు వచ్చాయి కనుక పనివాళ్లు దీపం వైర్లను B కొసలకే అతికించడం అలవాటు చేసుకున్నారు. రెండో విడతలో రక్షణ ఉన్న బోర్డులు వచ్చాయి. వీటికి కొత్తగా సెల్ కలిపినప్పుడు, ఒకసారి ఛార్జర్ పెట్టేదాకా OUT కొసల దగ్గర కరెంటు రాకపోవచ్చు. దీపం వెలగకపోయేసరికి బోర్డే పాడైందనుకుని, వారు వైర్లను మళ్లీ B కొసలకు మార్చారు. దీపాలు వెలిగాయి, కానీ రక్షణ పక్కకు పోయింది. రాత్రంతా ఆర్పకుండా వదిలిన దీపాల్లో సెల్‌లు మరీ లోతుగా ఖాళీ అయ్యాయి.

కాబట్టి బోర్డు వరుసలో దుకాణం పేరుకంటే ముందు "OUT కొసలు ఉన్నదే" అని రాయండి. ఆ షరతు తీరితే ఏ దుకాణంలోనైనా కొనవచ్చు. సరుకు రాగానే సంచిలోని ప్రతి బోర్డునూ తిప్పి చూడండి. కొత్త దీపాన్ని పరీక్షించే ముందు ఒక్క క్షణం ఛార్జర్ పెట్టాలని కూడా పని కాగితంలో ఉండాలి.

అదనపు 5 శాతం స్క్రూలకు సరే, అవి నేలమీద దొర్లిపోతాయి. సెల్‌లకు ఆ లెక్క వద్దు, వాటిలో డబ్బు ఇరుక్కుంటుంది. బోర్డులు మూడు ఎక్కువ తీసుకోండి, అతికించేటప్పుడు వేడికి రాగి పొర లేచిపోవడం మామూలే.

పర్లాకిమిడి దీపాలు:
మాకు వచ్చిన 20 నమూనా బోర్డులను తిప్పి చూశాము, నాలుగింటికి OUT కొసలు లేవు. ఇంకొక సందేహం: పాతపట్నంలో 1200 ఎంఏహెచ్ సెల్ చవకగా ఇస్తామంటున్నారు. దానిని ప్రత్యామ్నాయంగా రాయవచ్చునా?

రాయగడ రిపేరు:
విడిగా రాయకూడదమ్మా. బోర్డు మీద 1.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటే ఛార్జింగ్ కరెంటు సుమారు 1 ఆంపియర్, అది 2600 సెల్‌కు సరే కాని 1200 సెల్‌కు ఎక్కువ. రెసిస్టర్‌ను 2 కిలోఓమ్‌లకు మార్చితే కరెంటు దాదాపు 580 మిల్లీఆంపియర్లకు తగ్గుతుంది. అంటే సెల్ మారితే రెసిస్టర్ కూడా మారాలి. పెద్ద సెల్‌కు, దాని బోర్డుకు "జత-క" అని, చిన్న సెల్‌కు, దాని బోర్డుకు "జత-ఖ" అని ఒకే గుర్తు పెట్టి కలిపి మార్చాలి. పైగా దీపం వెలిగే సమయం సగం కంటే తగ్గుతుంది, ఆ సంగతి కొనేవారికి చెప్పాలి.

జయపురం స్టోర్స్:
బోర్డు సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ గుర్తులు పెట్టిన ఒకే పట్టికలో స్టోరు కుర్రాడు జత-ఖ సెల్‌ను తీసి, జత-క బోర్డుతో ఇచ్చేస్తే ఎవరు పట్టుకుంటారు? అలాంటప్పుడు చిన్న సెల్ దీపాన్ని వేరే వస్తువుగా, వేరే బీఓఎంతో పెట్టుకోవడమే నయం.

రాయగడ రిపేరు:
మీరే రెండు బీఓఎంలు వద్దన్నారు కదా!

జయపురం స్టోర్స్:
దుకాణం మారినందుకు వద్దన్నాను. ఇక్కడ వస్తువే మారుతోంది.