ట్రెల్లో బోర్డు సగం ఎర్రబడింది, ఎవరికీ రిమైండర్ రావట్లేదు: మా స్టూడియో పనులు ఎలా సర్దుకోవాలి?

రాజమండ్రి స్టూడియో:
మాది పెళ్లి ఫొటోల స్టూడియో, ఐదుగురం ఉన్నాం. ట్రెల్లోలో ఒక్కొక్కరి పేరుతో ఒక లిస్టు పెట్టి, ఎవరి పని వాళ్ల లిస్టులో కార్డులుగా వేశాం. "మొదలైంది", "ఆగింది", "అయిపోయింది" అని లేబుళ్లు పెట్టాం. కస్టమర్ ఫోన్ చేసి "మా ఆల్బమ్ ఎక్కడిదాకా వచ్చింది?" అంటే బోర్డు చూసి చెప్పలేకపోతున్నాం. కార్డు ఎడిటర్ నుంచి డిజైనర్ లిస్టులోకి వెళ్తుంది కానీ లేబుల్ ఎవరూ మార్చరు. డ్యూ డేట్లు పెట్టినా ఒక్కరికీ రిమైండర్ రావట్లేదు. సీజన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

హైదరాబాద్ నుంచి:
రిమైండర్లు రావాలంటే డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలండి. మేం చెక్‌లిస్టులో ఒక్కో లైనుకు తేదీ పెట్టబోతే అదే అడిగింది.

గుంటూరు ఎడిటర్:
చెక్‌లిస్టు లైనుకు విడిగా తేదీ, మనిషి పెట్టాలంటే డబ్బు కట్టాల్సిందే, అంతవరకు మీరు చెప్పింది నిజం. కార్డు మీది డ్యూ డేట్, దాని రిమైండర్ మాత్రం ఉచితమే. రాజమండ్రి గారి ఇబ్బంది వేరు. రిమైండర్ కార్డులో మెంబర్‌గా ఉన్నవాళ్లకీ, ఆ కార్డును Watch చేస్తున్నవాళ్లకే వెళ్తుంది. లిస్టుకు మనిషి పేరు పెట్టినంత మాత్రాన ఆ కార్డు ఆయనదని ట్రెల్లోకు తెలియదు. కార్డు తెరిచి Members లో మనిషిని చేర్చండి, తేదీ పెట్టేచోట రిమైండర్ ఒకరోజు ముందుకు ఉందో లేదో చూడండి.

ఇక లిస్టులు. మనుషుల పేర్లు తీసేసి పని దశలు పెట్టండి: షూట్ బుకింగ్, ఎడిటింగ్, కస్టమర్ సెలెక్షన్, ఆల్బమ్ డిజైన్, ల్యాబ్‌లో, ఇచ్చేసినవి. కార్డు ఏ లిస్టులో ఉంటే పని అక్కడ ఉన్నట్టే, కాబట్టి దశ చెప్పడానికి లేబుల్ అక్కర్లేదు. లేబుల్‌ను పని రకానికి వాడండి: పెళ్లి, రిసెప్షన్, ప్రీ వెడ్డింగ్. నా పనులేవి అని చూసుకోవాలంటే ఎవరికి వారు ఫిల్టర్‌లో తమ పేరు ఎంచుకుంటే చాలు.

స్టూడియోల్లో పని ఎక్కువగా ఆగేది సెలెక్షన్ దగ్గరే. ఉదాహరణకు నవంబరు 20న పెళ్లి, డిసెంబరు 30కి ఆల్బమ్ ఇస్తామన్నారు అనుకోండి. కార్డుకు ఒక్క డ్యూ డేటే ఉంటుంది. డిసెంబరు 30 అక్కడ పెడితే నెలంతా ఎవరూ పట్టించుకోరు. అందుకే మాటిచ్చిన తేదీని కార్డు పేరులోనే రాసి, డ్యూ డేట్‌లో తర్వాతి అడుగు తేదీ పెట్టండి. డిసెంబరు 5న ఫొటోలు పంపాక కార్డును సెలెక్షన్ లిస్టులోకి జరిపి, డ్యూ డేట్ 12కి మార్చి, కస్టమర్‌కు ఫోన్ చేసే మనిషినే మెంబర్‌గా ఉంచండి. 11న ఆయనకు రిమైండర్ వస్తుంది. లేకపోతే ఎడిటర్ "నా పని అయిపోయింది" అంటాడు, డిజైనర్ "నాకింకా రాలేదు" అంటాడు.

ట్యూషన్ సెంటర్, వరంగల్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేం సబ్జెక్టుల పేర్లతో లేబుళ్లు పెట్టాం. బోర్డు మీద మాత్రం రంగు గీతలే కనిపిస్తున్నాయి, పేర్లు లేవు. రాజమండ్రి గారిది కూడా ఇదే సమస్యేమో?

గుంటూరు ఎడిటర్:
వాళ్ల సమస్య ఇది కాదు కానీ, మీది చిన్న పనే. కంప్యూటర్‌లో బోర్డు తెరిచి ఏదో ఒక కార్డు మీది రంగు గీత నొక్కండి, అన్ని కార్డుల మీదా పేర్లు కనిపిస్తాయి.

రాజమండ్రి స్టూడియో:
ఆల్బమ్‌తో పాటు వీడియో కూడా ఇస్తాం. ఒకే కార్డులో రెండు చెక్‌లిస్టులు పెడితే సరిపోతుందా?

గుంటూరు ఎడిటర్:
నేనైతే రెండు కార్డులు వేస్తాను. ఆల్బమ్ ల్యాబ్‌లో, వీడియో ఇంకా ఎడిటింగ్‌లో ఉన్నప్పుడు ఒక్క కార్డును రెండు లిస్టుల్లో ఉంచలేం కదా. చెక్‌లిస్టులో ఒకే మనిషి ఒకే దశలో చేసే చిన్న పనులే ఉంచండి. డిజైన్ దశకైతే: పేర్ల స్పెల్లింగ్ చూడటం, కవర్ ఫొటో ఓకే చేయించడం, షీట్లు లెక్క చూసుకోవడం. ఏ లైనైనా పెద్ద పనిగా మారితే దాని పక్కన మెనూలో Convert to card ఉంటుంది.

విజయవాడ స్టూడియో:
నేను ఒప్పుకోను. కస్టమర్ ఫోన్ చేస్తే రెండు కార్డులు వెతకాలి, రెండింట్లో కామెంట్లు చూడాలి. మాకు పెళ్లికి ఒక్క కార్డే, ఆల్బమ్‌కు ఒకటి, వీడియోకు ఒకటి చెక్‌లిస్టులు. ముగ్గురమే కాబట్టి బాగానే నడుస్తోంది.

గుంటూరు ఎడిటర్:
ముగ్గురైతే నడవొచ్చు. ఐదుగురిలో వీడియో ఎడిటర్ వేరే ఉన్నాడంటే ఆయన డ్యూ డేట్ ఎక్కడ పెడతారు?

రాజమండ్రి స్టూడియో:
మా వీడియో ఎడిటర్ వేరే ఊళ్లో ఉంటాడు, కాబట్టి రెండు కార్డులే వేస్తాను. రెండింటి పేర్లూ పెళ్లివారి ఇంటిపేరుతో మొదలుపెడితే వెతకడం సులువే. ఒక్కటి తేలలేదు. ఇచ్చేసిన ఆల్బమ్ కార్డును చివరి లిస్టులోకి జరిపినా తేదీ ఎర్రగానే ఉంటోంది.

గుంటూరు ఎడిటర్:
జరిపితే సరిపోదు, కార్డు పూర్తయినట్టు టిక్ కూడా పెట్టాలి. చెక్‌లిస్టు మొత్తం టిక్ చేసినా అది దానంతట అది మారదు. Automation లో ఒక రూల్ పెట్టుకోండి: కార్డు "ఇచ్చేసినవి" లిస్టులోకి రాగానే అది పూర్తయినట్టు గుర్తించాలి అని. పాత కార్డులకు ఆ రూల్ వర్తించదు, వాటికి చేత్తో టిక్ పెట్టి ఆర్కైవ్ చేసేయండి.