ఒక్కరోజు ఆఫ్‌సైట్: ఫలితం కొలవగలమా?

కొత్తలీడ్: మాది పన్నెండు మంది టీమ్. డబ్బు దాదాపు లేదు, ఒక్కరోజు బయటికి వెళ్లడానికి అనుమతి మాత్రం దొరికింది. "సరదాగా గడిపి వస్తే చాలదు, ఏం సాధించారో తర్వాత చూపించాలి" అంటున్నారు పైవాళ్లు. ఆఫ్‌సైట్ ఫలితాన్ని నిజంగా కొలవగలమా? లేక ఏదో ఒక అంకె చూపించడానికేనా ఇదంతా?

నీలిగడప: కొలవొచ్చండి. నేను చాలా ఏళ్లుగా హెచ్ఆర్‌లో ఉన్నాను. సాయంత్రం బయల్దేరే ముందు ఐదు ప్రశ్నల సర్వే ఇవ్వండి. మా గత ఆఫ్‌సైట్‌కి 5కి 4.6 వచ్చింది. వెళ్లక ముందు కూడా అవే ప్రశ్నలు అడిగితే తేడా తెలుస్తుంది.

మల్లెపందిరి: తక్కువ ఖర్చుతో ఆడించే ఆటలు నా దగ్గర చాలా ఉన్నాయి. కాగితాలతో వంతెన కట్టడం, కళ్లకు గంతలు కట్టి దారి చెప్పడం, ఇలాంటివి. కావాలంటే మొత్తం రాసి పెడతాను.

గోడగడియారం: ముందూ తర్వాతా ఒకటే ప్రశ్నలు అడగాలన్నది మంచి మాటే, నీలిగడప గారూ. కానీ ఆ రోజు సాయంత్రమే అడిగితే అందరూ హాయిగా ఉంటారు, ఎదురుగా లీడ్ కూడా ఉంటారు. రోజు ఎలా గడిచిందో తెలుస్తుంది గానీ, మర్నాటి నుంచి పని మారిందో లేదో తెలియదు. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ ఫలితాలను నాలుగు మెట్లుగా చూడమన్నాడు: వచ్చినవాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిచేసే తీరు మారిందా, దానివల్ల ఫలితం వచ్చిందా. సర్వే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. కొత్తలీడ్ గారి పైవాళ్లు అడుగుతున్నది చివరి రెండు మెట్ల సంగతి.

మా అనుభవం చెబుతాను. మా టీమ్‌లో సగం సపోర్ట్, సగం డెవలపర్లు. కస్టమర్ చెప్పిన సమస్యను రాసి సపోర్ట్ వాళ్లు డెవలపర్లకి పంపిన టికెట్లు "వివరాలు చాలవు" అని తిరిగొచ్చేవి. ఇరువైపులా విసుగు. మా ఆఫ్‌సైట్‌కి ఇదొక్కటే లక్ష్యంగా పెట్టుకున్నాం. రెండు వారాల ముందే చివరి 40 టికెట్లు తీసి లెక్కపెట్టాను. 17 తిరిగొచ్చాయి. "వెళ్లొచ్చాక తర్వాతి 40లో 10 లోపు వస్తేనే పనిచేసినట్టు" అని ముందే రాసి అందరికీ పంపాం. ఈ మాట ముందు రాయకపోతే తర్వాత ఏ అంకె వచ్చినా బాగానే ఉందనిపిస్తుంది.

చోటు కోసం డబ్బు పెట్టలేదు. ఆఫీసు బయట, మామూలు పనిరోజున ఖాళీగా ఉండే ఒక శిక్షణ గదిని అడిగి తీసుకున్నాం. నిజానికి అసలు ఖర్చు గది కాదు. పన్నెండు మంది ఒక రోజంటే ఒక మనిషి రెండు వారాలు దాటి చేసే పని.

ఆ 17 టికెట్లనూ పేర్లు తీసేసి ప్రింట్ తీసుకెళ్లాను. మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఎందుకు తిరిగొచ్చిందో ఎవరికి వాళ్లు చీటీ మీద రాయాలి. ముందే మాటల్లోకి దిగితే సీనియర్ చెప్పిందే అందరి కారణమైపోతుంది. చీటీలు కలిపి చూస్తే, 17లో 9 టికెట్లలో కస్టమర్ ఏం చేస్తుండగా తప్పు వచ్చిందో రాయలేదు. ఇది సపోర్ట్ వైపు లోపం. ఇంకో 5 టికెట్ల దగ్గర మాత్రం కథ తిరగబడింది. సపోర్ట్ అమ్మాయి ఒకటి పైకి చదివి, "వివరాలు జత చేసిన ఫొటోలో ఉన్నాయి కదా, తెరవలేదా?" అంది. ఆ టికెట్‌ని వెనక్కి పంపిన డెవలపర్ కాగితం తీసుకుని మళ్లీ చూసి, "తెరవలేదు" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. మిగతా 3 వేరే టీమ్‌కి వెళ్లాల్సినవి.

సాయంత్రానికి రెండే నిర్ణయాలు. ప్రతి టికెట్ పైన తప్పనిసరిగా మూడు లైన్లు: ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాల్సింది. వెనక్కి పంపే ముందు డెవలపర్ ఒక్కసారి ఫోన్ చేయాలి. ఒక్కో నిర్ణయానికి ఒక మనిషి బాధ్యుడు. ఆరు వారాల తర్వాత 40లో 9 తిరిగొచ్చాయి.

రెండోషిఫ్ట్: దీనికి బయటికెందుకు? ఆఫీసులోనే ఒక గది తలుపు వేసుకుని రెండు గంటలు కూర్చుంటే ఇదే జరిగేది. ఇంకో మాట. లెక్కపెడుతున్నారని తెలిశాక ఎవరైనా టికెట్ వెనక్కి పంపడానికి వెనకాడతారు. 17 కాస్తా 9 అయితే పని బాగుపడిందని ఎలా అనగలరు?

గోడగడియారం: రెండో మాట సరైనదే, మేమూ అదే భయపడ్డాం. అందుకే ఇంకో అంకె పక్కన పెట్టుకున్నాం: టికెట్ మూతపడటానికి పట్టిన రోజులు. వెనక్కి పంపకుండా దగ్గరే ఉంచుకుంటే ఈ అంకె పెరగాలి. మాకు తగ్గింది. అంతకు ముందు సగం టికెట్లు 6 రోజుల్లో మూతపడేవి, తర్వాత 4 రోజుల్లో. అయినా 40 చిన్న సంఖ్యే, అందులో కొంత యాదృచ్ఛికం ఉండొచ్చు. పైగా ఆ నెలలో కొత్త రిలీజ్ లేదు, టికెట్లే తేలికగా ఉన్నాయేమో. బయటికి వెళ్లని ఇంకో టీమ్ అంకెలు కూడా పక్కన పెట్టి చూసుంటే ఇంకొంత నమ్మకంగా చెప్పగలిగేవాడిని.

మూడో నెలలో తిరిగొచ్చే టికెట్లు మళ్లీ 40లో 12కి పెరిగాయి. ఆరా తీస్తే ఇద్దరు కొత్తగా చేరారు, మూడు లైన్ల సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆరు వారాలకే కొలిచి ఆపేసుంటే ఇది బయటపడేది కాదు.

ఇక బయటికెందుకంటే, ఆఫీసు గదిలోనే రెండుసార్లు ప్రయత్నించాం. రెండుసార్లూ అర్జెంట్ కాల్ అంటూ సగం మంది లేచి వెళ్లారు. మీ దగ్గర అలా జరగదంటే ఆఫీసులోనే చేయండి, నాకు అభ్యంతరం లేదు.

వానచినుకు: మా టీమ్ సెలవు రోజున, రాత్రి బస పెట్టి వెళ్లింది. ఇంట్లో చంటిబిడ్డ ఉండటంతో నేను వెళ్లలేకపోయాను, ఇంకో ఇద్దరూ రాలేదు. అక్కడ పనుల వంతుల పట్టిక మార్చేశారు. దాని భారం పడింది మా ముగ్గురి మీదే. రెండు వారాల్లో పాత పట్టికే మళ్లీ వచ్చింది. రానివాళ్ల మీద పడే నిర్ణయాలు అక్కడ తీసుకోకండి, దయచేసి. పగటిపూట, పనిరోజున పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, అందరూ రాగలుగుతారు.

కొత్తలీడ్: అందరికీ థాంక్స్. వానచినుకు గారూ, రోజు మార్చేశాను, మంగళవారం ఉదయం నుంచి సాయంత్రం వరకే. కానీ మాకు టికెట్లు లేవు. మేం డిజైన్ చేస్తాం, ప్రతి పనీ వేరే. ఏం లెక్కపెట్టాలి?

గోడగడియారం: పనులు వేరైనా, ఆగిపోయే చోట్లు తరచూ ఒకటే ఉంటాయి. గత నెలలో పూర్తయిన ఎనిమిది డిజైన్లు తీసుకుని, ఒక్కోటీ ఆమోదం కోసం ఎన్ని రోజులు ఎదురుచూసిందో, ఎన్నిసార్లు మొదటికొచ్చిందో రాయండి. ఎక్కువగా ఆగింది ఎక్కడో దొరికితే అదే మీ లక్ష్యం. దొరక్కపోతే ఆఫ్‌సైట్ వాయిదా వేయండి.

నీలిగడప: ఈ చివరి మాట నేను ఒప్పుకోను. పన్నెండు మంది ఒకరికొకరు సరిగ్గా తెలియని టీమ్ అయితే, ముందు పరిచయం పెరగాలి. అంకె దొరకలేదని ఆ రోజుని వదులుకోవడం నష్టమే.

కొత్తలీడ్: మాలో నలుగురు ఈ ఏడాదే చేరారు, కాబట్టి మీ మాటా ఆలోచించాల్సిందే. ముందు ఆ ఎనిమిది డిజైన్లూ తీసి చూస్తాను. శుక్రవారానికి అంకెలు ఇక్కడ పెడతాను.