అప్‌డేట్: ఎంజైమ్ పెల్లెట్‌లోంచి బయటికొచ్చింది

నా ప్రశ్న: "ఈ.కోలై బ్యాక్టీరియాలో 37 డిగ్రీల వద్ద తయారవుతున్న నా ఎంజైమ్ అంతా, సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున చేరే పెల్లెట్‌లోకే ఎందుకు పోతోంది?"

మీరు సూచించినట్లే శ్రీకాకుళంలోని మా కళాశాల ల్యాబ్‌లో ఎంజైమ్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీని 1 మిల్లీమోలార్ నుంచి 0.1కి తగ్గించి, కల్చర్‌ను 18 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాను. కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్ చేశాక జెల్‌పై చూస్తే, ఇదివరకు పెల్లెట్ వరుసలోనే దట్టంగా కనిపించిన 45 కిలోడాల్టన్ల బ్యాండు ఇప్పుడు చాలావరకు పైద్రవంలో ఉంది.

కారణం నాకు ఎంతో నచ్చింది. ప్రోటీన్ గొలుసులు మరీ వేగంగా పుట్టుకొస్తే, ఇంకా మడతపడని వాటిలోని నీటికి దూరమయ్యే భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ భాగాలను పట్టి వదిలే డీఎన్‌ఏ-కే అనే షాపెరోన్, అంటే మడతకు సాయపడే ప్రోటీన్, మామూలు పరిస్థితుల్లో సిగ్మా-32 అనే నియంత్రణ ప్రోటీన్‌ను కూడా పట్టుకొని, అది త్వరగా నశించేలా చేస్తుంది. తప్పుమడత ప్రోటీన్లు పేరుకుపోయినప్పుడు డీఎన్‌ఏ-కే వాటివైపు మళ్లడంతో సిగ్మా-32 బతికిపోయి, మరిన్ని షాపెరోన్ల, ప్రోటియేజ్‌ల జన్యువులను పనిచేయిస్తుంది. అయినా నా ఎంజైమ్ జన్యువును నడిపే టీ7 ప్రమోటర్ వేగాన్ని ఆ ఏర్పాటు అందుకోలేక ముద్దలు మిగులుతాయి.

పైద్రవంలో ఉన్నంత మాత్రాన మడత సరైనదని చెప్పలేము, చిన్న ముద్దలు కరిగినట్లే కనిపించగలవు కాబట్టి ఎంజైమ్ చర్యను కూడా కొలిచాను. చర్య స్పష్టంగా ఉంది. పెల్లెట్‌లో మిగిలిన భాగం కోసం ఇక, ప్రోటీన్‌ను గూడులా లోపల ఉంచుకొని మడతపడనిచ్చే గ్రో-ఈఎల్, గ్రో-ఈఎస్ షాపెరోన్ల ప్లాస్మిడ్‌ను జతచేస్తాను; ఆ గూటిలో సుమారు 60 కిలోడాల్టన్ల వరకు ఉన్న ప్రోటీన్లు పడతాయి కనుక నా ఎంజైమ్‌కు చోటు సరిపోతుంది.