స్టాప్ దగ్గరికి జరిపితే ఎక్కువ షేర్లు కొనొచ్చా? 1% రిస్క్ లెక్క మీద చర్చ

కొత్త ఖాతా, ఖమ్మం
ఖాతాలో లక్ష ఉంది. ఒక ట్రేడ్‌లో 1% మించి పోగొట్టుకోకూడదని అనుకున్నా. ఒక షేరు 480 దగ్గర కొనాలి, 468కి పడితే అమ్మేసేలా స్టాప్. 1% అంటే వెయ్యి రూపాయల షేర్లే, రెండే కొను అంటాడు మా రూమ్మేట్. స్టాప్ 477కి జరిపితే 333 కొనొచ్చు, రిస్క్ అంతే కదా అంటాడు ఆఫీసులో ఇంకొకాయన. ఎన్ని కొనాలి?

తెనాలి బుల్లోడు
రూమ్మేట్ మాట పక్కన పెట్టు. వెయ్యి పెట్టడం వేరు, వెయ్యి పోవడం వేరు. ఆఫీసాయన చెప్పిందే కరెక్ట్. స్టాప్‌కి 12 రూపాయల దూరం ఉంటే 83 షేర్లు, 3 రూపాయలే ఉంటే 333. పోయేది రెండు చోట్లా వెయ్యి లోపే. కానీ షేరు 489కి వెళ్లిందనుకో, 83 మీద వచ్చేది 747, 333 మీద దాదాపు మూడు వేలు. డబ్బు చాలకపోతే బ్రోకర్ అప్పిచ్చే ఎమ్‌టీఎఫ్ ఉందిగా.

పాత కాపు
తమ్ముడూ ఖమ్మం, ముందు ఒకటి చెప్పు. ఆ 468 ఎక్కడి నుంచి తెచ్చావు?

కొత్త ఖాతా, ఖమ్మం
చార్ట్‌లో చూశాను అన్నా. గత మూడు వారాల్లో రెండుసార్లు 470 దాకా వచ్చి మళ్లీ పైకి లేచింది. దాని కింద కొంచెం వదిలి 468 అనుకున్నా.

పాత కాపు
అది సరైన పద్ధతే. మరి 477 ఎక్కడి నుంచి వచ్చింది? చార్ట్ నుంచి కాదు, 333 అనే అంకె మీద ఆశ నుంచి. డైలీ చార్ట్‌లో 14 రోజుల ఏటీఆర్ పెట్టి ఎంత చూపిస్తోందో చెప్పు.

కొత్త ఖాతా, ఖమ్మం
9.4 చూపిస్తోంది.

పాత కాపు
అంటే ఈ షేరు మామూలు రోజునే తొమ్మిది రూపాయలు అటూఇటూ ఊగుతుంది. 3 రూపాయల స్టాప్ పెడితే నీ అంచనా తప్పక్కర్లేదు, పొద్దున పది గంటల ఊపుకే బయట పడతావు. సాయంత్రానికి షేరు 488లో ఉంటుంది, నీ వెయ్యి పోయి ఉంటుంది. స్టాప్‌ని చార్ట్ చెప్పాలి. దాన్ని బట్టి తగ్గాల్సింది, పెరగాల్సింది షేర్ల సంఖ్య.

```
1000 / (480 - 468) = 83.33  ->  83
```

మిగిలిన 0.33ని ఎప్పుడూ కిందికే కొట్టెయ్.

తెనాలి బుల్లోడు
ఊపుకి స్టాప్ తగులుతుందన్నది ఒప్పుకుంటా. అయినా పోయేది వెయ్యేగా కాపుగారూ. 333 కొన్నవాడికీ వెయ్యే, 83 కొన్నవాడికీ వెయ్యే.

పాత కాపు
అక్కడే పొరబడుతున్నావు. స్టాప్ దగ్గర కొనేవాడు ఉంటేనే అది వెయ్యి. నేను దెబ్బ తిన్న ట్రేడ్ చెప్తా. 617లో 300 షేర్లు కొన్నాను. రోజు మారినా పోని జీటీటీ ఆర్డర్‌గా స్టాప్ పెట్టా, ట్రిగ్గర్ 612, లిమిట్ 610. కాగితం మీద పోయేది 1,500. ఆ రాత్రి కంపెనీ రిజల్ట్స్ వచ్చాయి, తెల్లారి షేరు 583లో ఓపెనైంది. ట్రిగ్గర్ అయితే తగిలింది, ఆర్డర్ మాత్రం 610 కావాలని అడుగుతూ అలాగే కూర్చుంది. 583లో అమ్ముతున్న షేరుకి 610 ఎవడిస్తాడు? మధ్యాహ్నం దాకా పైకి వస్తుందని చూసి చూసి 571లో అమ్ముకున్నా. పోయింది 13,800.

ఇప్పుడు ఖమ్మం షేరు పొద్దున్నే 456లో ఓపెనైందనుకో. 83 షేర్ల మీద 1,992 పోతుంది, అంటే ఖాతాలో 2%. చేదే, తట్టుకోవచ్చు. అదే 333 మీద 7,992. దాదాపు 8%. రెండూ కాగితం మీద "1% రిస్క్" ట్రేడ్లే. పైగా 333 కొనాలంటే 1,59,840 కావాలి, ఖాతాలో ఉన్నది లక్ష. మిగతాది ఎమ్‌టీఎఫ్ అప్పు, దానికి రోజువారీ వడ్డీ.

ఇంకో మాట. మామూలు స్టాప్ ఆర్డర్ ఆ రోజుతో పోతుంది. డెలివరీలో ఉంచుకునేవాడు జీటీటీ పెట్టుకోవాలి, దానికీ గ్యాప్ జబ్బు తప్పదు.

లెక్కల టీచరమ్మ
83 కూడా ఎక్కువేనండీ. చార్జీలు ఎవరూ కలపలేదు. డెలివరీలో ఎస్‌టీటీ పన్ను కొన్నప్పుడు 0.1%, అమ్మినప్పుడు 0.1%. 480 మీద 48 పైసలు, 468 మీద 47 పైసలు. కొన్నప్పుడు స్టాంప్ డ్యూటీ 0.015%, అంటే ఇంకో 7 పైసలు. ఇక్కడికే షేరుకి రూపాయి దాటింది. ఎక్స్ఛేంజ్ చార్జీ, అమ్మినప్పుడు పడే డీపీ చార్జీ కలిపి నేను షేరుకి రూపాయి పావలా వేసుకుంటాను. అప్పుడు దూరం 12 కాదు, 13.25.

```
1000 / 13.25 = 75.47  ->  75
```

ఇదే లెక్క 3 రూపాయల స్టాప్‌కి వేసి చూడండి. ఎస్‌టీటీ, స్టాంపే షేరుకి రూపాయి తినేస్తున్నాయి, అంటే స్టాప్ దూరంలో మూడో వంతు. బుల్లోడు గారి 999 నిజానికి 1,300 దాటుతుంది, గ్యాప్ లేకుండానే.

తెనాలి బుల్లోడు
చార్జీల సంగతి నిజమే మేడం, మర్చిపోయా. నేనెక్కువగా ఇంట్రాడేలో చేస్తా, అక్కడ ఎస్‌టీటీ అమ్మేటప్పుడే, అదీ 0.025%. రాత్రి గ్యాప్ గొడవా ఉండదు. అందుకే దగ్గర స్టాప్ నాకు కుదురుతోంది.

పాత కాపు
ఆ మాట మొదటే చెప్పాల్సింది. ఇంట్రాడేలో ఐదు నిమిషాల చార్ట్ మీద 3 రూపాయలు సరిపోవచ్చు. ఖమ్మం వాడు చూస్తున్నది డైలీ చార్ట్.

మిర్చి యార్డు
షేర్లు సరే, నిఫ్టీ ఆప్షన్ల సంగతేంటి? నా ఖాతా 60 వేలు, 1% అంటే 600. ప్రీమియం 110లో కొని 90లో స్టాప్ పెట్టాను. 600ని 20తో భాగిస్తే 30 వస్తుంది. లాటేమో అప్పుడు 75. ఏంచేస్తాం, ఒక లాట్ కొన్నా, 1,500 పోయింది.

లెక్కల టీచరమ్మ
ఆయన అడిగింది షేర్ల గురించండీ. అయినా మీ లెక్క ముందే చెప్పింది కదా, 75లో 30 కొనడం కుదరదు కాబట్టి కొనాల్సింది సున్నా అని. మీరు పెట్టిన రిస్క్ 2.5%.

మిర్చి యార్డు
సున్నా అంటే చిన్న ఖాతా వాళ్లు ఆప్షన్లు చేయొద్దనా? అందరూ చేస్తున్నారు.

పాత కాపు
ఆ ట్రేడ్ చేయొద్దనే. స్టాప్ 8 రూపాయల దూరంలో న్యాయంగా కుదిరే రోజు వస్తే ఒక లాట్ కొను.

మిర్చి యార్డు
అలాంటి రోజు కోసం కూర్చుంటే నెలంతా కూర్చోవాలి. నేను ఒప్పుకోను.

లెక్కల టీచరమ్మ
ఖమ్మం గారూ, 75 షేర్లంటే 36,000. ఖాతాలో 36% ఒకే షేరులో. నేనైతే పావు దాటనివ్వను, అంటే 52 షేర్లే. ఏదైనా చెడ్డ వార్త వచ్చి ఒకేసారి 20% పడితే 75 మీద 7,200 పోతుంది, 52 మీద ఐదు వేల లోపే.

పాత కాపు
మేడం, లక్ష ఖాతాకి పావు హద్దు పెడితే వెయ్యి రిస్క్ అన్న మాటే మిగలదు, ఆరు ఏడు వందల దగ్గరే ఆగిపోతుంది. నేను 40% దాకా ఒప్పుకుంటా. కాకపోతే రిజల్ట్స్ ముందు రోజు సగం అమ్మేస్తా.

లెక్కల టీచరమ్మ
చెడ్డ వార్త తేదీ చెప్పి రాదు కదండీ. నా పావు నాదే.

కొత్త ఖాతా, ఖమ్మం
75 అనుకుని పొద్దున్నే సిద్ధంగా ఉన్నా. షేరు 484లో ఓపెనైంది, 480కి రావట్లేదు. 75 కొనేయనా?

పాత కాపు
స్టాప్ 468 నుంచి కదిలిందా?

కొత్త ఖాతా, ఖమ్మం
లేదన్నా, అదే. అంటే దూరం 16, చార్జీలతో 17.25. వెయ్యిని భాగిస్తే 57.97. 57 కొన్నా. జీటీటీ కూడా పెట్టా.

తెనాలి బుల్లోడు
నాలుగు రూపాయలు కదిలితే పద్దెనిమిది షేర్లు ఎగిరిపోయాయి! నేనైతే 480 వచ్చేదాకా ఆగేవాణ్ని.

లెక్కల టీచరమ్మ
రాకపోతే?