అప్‌డేట్: సిగరెట్ మానేసిన మిత్రుడికి చివరికి ఏమిచ్చానంటే

నా ప్రశ్న ఇది: "ఈమధ్యే సిగరెట్ మానేసిన మిత్రుడికి, ఆ మాట ఎత్తకుండా, సతాయించినట్టు అనిపించకుండా ఏ కానుక ఇవ్వాలి?"

సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. నికోటిన్ చూయింగ్ గమ్, ఊపిరితిత్తుల పుస్తకం వంటివి ఎంత మంచివైనా, విప్పగానే "నిన్ను గమనిస్తున్నాం" అని చెప్పేస్తాయి కనుక వద్దనుకున్నాను. ఎక్కువమంది చెప్పిన ఫిల్టర్ కాఫీ సెట్టును పక్కన పెట్టడానికి కారణం వేరు. పొగ తాగేవారి శరీరం కెఫీన్‌ను త్వరగా కరిగించుకుంటుంది. మానేశాక అదే కప్పు కాఫీ ఎక్కువసేపు పనిచేసి నిద్రను చెడగొడుతుంది, గుండెదడ తెస్తుంది, దాన్ని చాలామంది మానేసిన బాధగానే పొరబడతారు. పైగా మావాడికి సిగరెట్ వెలిగేదే టీ గ్లాసు పక్కన.

అందుకే మా అనంతపురంలో ఎవరికీ అనుమానం రాని వస్తువునే ఎంచుకున్నాను: ఉప్పు వేయకుండా, కాయలుగానే వేయించిన రెండు కిలోల చెనక్కాయలు, బిగువైన మూత ఉన్న స్టీలు డబ్బాలో. తాగాలన్న తహతహ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు కాయను వేళ్లతో చిట్లించి, పప్పు పొట్టు నలిపి ఊది నోట్లో వేసుకుంటుంటే రెండు చేతులకూ నోటికీ పని దొరుకుతుంది. ఒలిచిన పప్పైతే గుప్పెడు ఒక్క నిమిషంలో అయిపోతుంది, బరువూ పెరుగుతుంది. డబ్బాతో చీటీ ఏదీ పెట్టలేదు, "ఊరినుంచి వచ్చాయిరా" అన్నానంతే. ఇప్పుడు ఆఫీసుకు వెళ్లేటప్పుడు చొక్కా జేబులో అవే పోసుకుంటున్నాడు. ఇల్లంతా తొక్కలేనని వాళ్లావిడ మాత్రం నన్నే తిడుతోంది.